ఫీజు ఉన్న క్రెడిట్ కార్డు: ఫీజు లేని కార్డుకు మారాలా, మూసేయాలా?

శ్రవణ్: నేను అమెరికా వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. మొదట డిపాజిట్ కట్టి తీసుకున్న చిన్న కార్డు ఒకటి ఉంది, దాని లిమిట్ 1,000 డాలర్లు, ఫీజు లేదు. గత నవంబరు 12న చేజ్ బ్యాంకు సఫైర్ ప్రిఫర్డ్ కార్డు వచ్చింది, లిమిట్ 5,000. దానికి ఏటా 95 డాలర్లు. బోనస్ కోసం తీసుకున్నాను, వచ్చింది, ఇక ఆ కార్డుతో నాకు పని లేదు. రెండో ఏడాది ఫీజు పడకముందే ఫోన్ చేసి ఫీజు లేని కార్డుకు మార్చమని అడగనా, లేక మూసేయనా? ఇప్పుడు అక్టోబరు మొదటి వారం కదా, ఈ వారమే చేసేద్దామని ఉంది.

రమేష్: తమ్ముడూ, ఫోన్లూ గీన్లూ ఎందుకు? కార్డు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయి, వాడడం మానేయి. కొన్నాళ్లకు బ్యాంకువాళ్లే మూసేస్తారు. నా పాత కార్డు అలాగే పోయింది.

సుజాత: రమేష్ గారూ, మీ పాత కార్డుకు ఫీజు లేదేమో చూడండి. వాడని కార్డును బ్యాంకులు మూసేయడం నిజమే, కానీ ఫీజు ఉన్న కార్డు విషయంలో అంతకంటే ముందే ఫీజు పడుతుంది. అతను చూడకపోతే గడువు దాటుతుంది, దాని మీద ఆలస్య రుసుము పడుతుంది. ముప్పై రోజులు దాటితే ఆ సంగతి క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కుతుంది. ప్లాస్టిక్ ముక్కను కత్తిరించినంత మాత్రాన ఖాతా మూతపడదు.

శ్రవణ్, ఈ వారం ఫోన్ చేయకండి. చేసినా ఉపయోగం ఉండదు. ఖాతా తెరిచి ఏడాది నిండనిదే చాలా బ్యాంకులు కార్డు రకం మార్చవు, చేజ్ కూడా అంతే. 2009లో వచ్చిన కార్డ్ చట్టం మొదటి ఏడాదిలో వడ్డీ, ఫీజులు పెంచడానికి హద్దులు పెట్టింది. దాంతో బ్యాంకులు ఎటువైపు మార్చడానికైనా ఏడాది ఆగమనే నియమం పెట్టుకున్నాయి. నవంబరు 12 దాటాకే అడగండి.

శ్రవణ్: అయితే ఆలోపే ఫీజు పడిపోతే?

సుజాత: పడనివ్వండి. అందరూ భయపడేది ఇక్కడే. ఫీజు స్టేట్‌మెంటులో పడ్డాక కూడా కొంత గడువు ఉంటుంది. చేజ్ విషయంలో ఆ లోపల కార్డు మార్చినా మూసేసినా ఫీజు మీ ఖాతాలో తిరిగి జమ చేస్తారు, మామూలుగా 30 రోజులు అనుకోవచ్చు. మీ గత ఏడాది మొదటి స్టేట్‌మెంటు తీసి ఫీజు ఏ తేదీన పడిందో చూడండి. ఈసారీ దాదాపు అదే సమయంలో పడుతుంది.

శ్రవణ్: చూశాను, డిసెంబరు 3 నాటి స్టేట్‌మెంటులో ఉంది.

సుజాత: అంటే మీకు నవంబరు 12 తర్వాత నుంచి దాదాపు జనవరి మొదటి రోజుల దాకా సమయం ఉంది. నేనైతే చివరి వారం దాకా లాగను. ఫోన్‌లో మనిషి దొరికాక 'ప్రోడక్ట్ చేంజ్ చేయాలి, ఫ్రీడమ్ అన్‌లిమిటెడ్‌కు' అని, ఫీజు లేని ఆ చేజ్ కార్డు పేరు పెట్టి చెప్పండి. ఊరికే 'వేరే కార్డు కావాలి' అంటే కొత్త దరఖాస్తు అనుకుంటారు, అప్పుడు బ్యాంకు మీ క్రెడిట్ రిపోర్టు తీసి చూసినట్టు దాని మీద విచారణ నమోదవుతుంది. ప్రోడక్ట్ చేంజ్ అయితే ఖాతా అదే, తెరిచిన తేదీ అదే, విచారణ ఉండదు. అలాగే కొత్తవాళ్లకిచ్చే బోనస్ కూడా రాదు, అది ఆశించకండి.

అనిత: మా ఇండియాలోని కార్డుకు కూడా ఇలాగే ఏటా ఫీజు తీసుకుంటున్నారు. పైగా ఓటీపీ అక్కడి నంబరుకు వెళ్తుంది, ఇక్కడ నుంచి మూయడమే కుదరడం లేదు. ఎవరైనా దారి చెప్పండి.

సుజాత: అనితా, అక్కడి కార్డు నియమాలు వేరు. విడిగా అడిగితే తెలిసినవాళ్లు చెప్తారు.

వేణు: నా అనుభవం ఒకటి. మూసేస్తే క్రెడిట్ చరిత్ర మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. నా స్కోరు ఒక్కసారిగా పడిపోయింది. కాబట్టి ఎప్పుడూ మూయకూడదు.

సుజాత: స్కోరు పడడం నిజమే వేణు గారూ, కారణం చరిత్ర పోవడం కాదు. బకాయిలు లేకుండా మూసిన ఖాతా పదేళ్ల దాకా రిపోర్టులో ఉండి, ఫైకో అనే క్రెడిట్ స్కోరులో ఖాతాల వయసు కిందే లెక్కకు వస్తుంది. వెంటనే దెబ్బ తీసేది లిమిట్ తగ్గడం. శ్రవణ్ లెక్కే చూద్దాం. నెలకు ఎంత వాడతారు?

శ్రవణ్: రెండు కార్డుల మీద కలిపి 900 దాకా స్టేట్‌మెంటులో ఉంటుంది. ప్రతి నెలా పూర్తిగా కట్టేస్తాను.

సుజాత: ఇప్పుడు మొత్తం లిమిట్ 6,000, వాడకం 15 శాతం. చేజ్ కార్డు మూసేస్తే మిగిలేది 1,000, అదే 900 అప్పుడు 90 శాతంగా కనిపిస్తుంది. పూర్తిగా కడుతున్నా సరే, స్టేట్‌మెంటు రోజున రిపోర్టులోకి వెళ్లే సంఖ్య అది. రెండు మూడు నెలల్లో అపార్ట్‌మెంటుకో కారు లోనుకో దరఖాస్తు పెట్టే ఆలోచన ఉంటే ఇది గట్టిగానే తగులుతుంది. మార్చుకుంటే 5,000 లిమిట్ మీ దగ్గరే ఉంటుంది. అందుకే మీకు మూయడం కంటే మార్చడమే నయం. మరో పెద్ద లిమిట్ కార్డు ఉన్నవాళ్లకైతే నేను ఇంత గట్టిగా చెప్పను.

వేణు: సరే, అది నిజమే కావచ్చు. నాకు అప్పట్లో ఒకే ఒక కార్డు ఉండేది.

కిరణ్: పాయింట్ల మాట ఎవరూ ఎత్తలేదు! శ్రవణ్, ఎన్ని ఉన్నాయి?

శ్రవణ్: దాదాపు 70 వేలు, బోనస్‌తో కలిపి. జనవరిలో ఇండియా వెళ్తున్నాను, టికెట్‌కు వాడదామని ఉంది.

కిరణ్: అయితే మార్చకముందే వాడేయండి. ఫ్రీడమ్ కార్డు మీద పాయింట్లను నేరుగా విమానయాన సంస్థలకు బదిలీ చేయలేరు, ఒక పాయింటుకు ఒక సెంటు చొప్పున డబ్బుగా తీసుకోవచ్చు. ఖాతా మూసేస్తే అక్కడే మిగిలిన పాయింట్లు పోతాయి. ఇంకొకటి: ఫ్రీడమ్ అన్‌లిమిటెడ్‌కు విదేశీ లావాదేవీల మీద 3 శాతం రుసుము ఉంది, ఇప్పుడున్న కార్డుకు లేదు. ఇండియాలో 1,500 డాలర్ల పెళ్లి బట్టలు కొంటే 45 డాలర్లు అదనం.

శ్రవణ్: అబ్బా, మరి ప్రయాణం అయ్యాక మార్చుకోనా?

కిరణ్: అప్పటికి గడువు దాటిపోయి 95 మీ నెత్తిన మిగులుతుంది. 45 తక్కువే కదా. లేదంటే విదేశీ రుసుము లేని మరో కార్డు, ఫీజు లేనిది, చూసుకోండి. కానీ ఫీజు తగ్గిస్తామంటారేమో కూడా అడిగి చూడండి, కొందరికి ఏదో ఒక ఆఫర్ ఇస్తారు.

సుజాత: ఆ ఆఫర్‌ను ఇస్తే తీసుకోవచ్చు, దాని మీద ఆధారపడి లెక్క వేసుకోవద్దు. చివరగా ఒక జాగ్రత్త: మార్చాక కూడా ఫీజు స్టేట్‌మెంటులో కనిపిస్తూనే ఉండి, కట్టాల్సిన తేదీ దగ్గరపడితే కట్టేయండి. తర్వాత వాళ్లు తిరిగి జమ చేసినప్పుడు ఖాతాలో మీ డబ్బే అదనంగా ఉంటుంది. అది తిరిగి కావాలని రాతపూర్వకంగా అడిగితే ఏడు పనిదినాల్లో పంపాలని నిబంధన. ఫీజు తిరిగి వస్తుందని ఫోన్‌లో చెప్పినవారి పేరు, తేదీ రాసి పెట్టుకోండి, వీలైతే అదే మాటను వారి సురక్షిత సందేశంలో కూడా తీసుకోండి.

శ్రవణ్: మార్చాక నిజంగా మార్పు జరిగిందని ఎలా తెలుస్తుంది?

సుజాత: యాప్‌లో కార్డు పేరు మారుతుంది, కొత్త ప్లాస్టిక్ పోస్టులో వస్తుంది. ఒక నెల తర్వాత annualcreditreport.com లో ఉచితంగా రిపోర్టు తీసి చూడండి: తెరిచిన తేదీ గత నవంబరే ఉండాలి, కొత్త విచారణ ఉండకూడదు.

రమేష్: మొత్తం ఫీజు తిరిగి ఇస్తారా, నెలల లెక్కన కోసేసి ఇస్తారా? నా స్నేహితుడికి వేరే బ్యాంకులో కొంత కోసి ఇచ్చారు.

కిరణ్: బ్యాంకును బట్టి ఉంటుంది. గడువు లోపలైతే పూర్తిగా వచ్చినవాళ్లనే ఎక్కువగా చూశాను. ఫోన్‌లో ఒప్పుకునే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి.

శ్రవణ్: నవంబరు 13కు క్యాలెండర్‌లో పెట్టుకున్నాను. పాయింట్లు ఈ వారాంతంలోనే చూస్తాను. దీని మీదే మా చెల్లికి అదనపు కార్డు తీసుకున్నాను, మారిస్తే అది పనిచేస్తుందా?

సుజాత: చెల్లికీ కొత్త కార్డు వస్తుందనుకుంటున్నాను, కానీ ఫోన్ చేసినప్పుడు ఆమె పేరు కూడా చెప్పి అడగండి. అది వచ్చేదాకా పాతది పనిచేయకపోతే ఆమె మీకు ఫోన్ చేస్తుంది.