అప్‌డేట్: ఐస్ పట్టికలో పోయిన హైడ్రోజన్ దొరికింది

నా ప్రశ్న: "H₂ + I₂ ⇌ 2HI, సమతాస్థితి స్థిరాంకం Kc = 64. రెండు లీటర్ల పాత్రలో H₂, I₂ రెండు మోల్‌ల చొప్పున తీసుకున్నాను. HI గాఢత 0.889 వచ్చింది, పుస్తకంలో 1.6 ఉంది. తప్పెక్కడ?"

ప్రారంభం, మార్పు, సమతాస్థితి గాఢతలను వరుసగా రాసే ఐస్ పట్టికలో, 'మార్పు' అనే వరుసలోనే తప్పు ఉంది. H₂, I₂ ఒక్కొక్కటి x తగ్గితే HI 2x పెరగాలి. నేను అక్కడ కూడా x అనే రాశాను.

నెల్లిమర్ల నుంచి విజయనగరం వచ్చే బస్సులో, నోట్సు వెనక పేజీ మీద పట్టికను మళ్లీ వేశాను.

```
            H₂      I₂      HI
ప్రారంభం     1       1       0
మార్పు       −x      −x      +2x
సమతాస్థితి   1−x     1−x     2x
```

మోల్‌లను లీటర్లతో భాగించాకే మొదటి వరుస నింపాలి కనుక అక్కడ 2 కాదు, 1 వస్తుంది. (2x)²/(1−x)² = 64 కు రెండు వైపులా వర్గమూలం తీస్తే 2x/(1−x) = 8, అంటే x = 0.8, కాబట్టి H₂, I₂ చెరి 0.2, HI 1.6 మోల్/లీటరు.

నన్ను రెండు రోజులు తిప్పిన సంగతి ఏమిటంటే, నా తప్పు జవాబులను Kc సూత్రంలో పెట్టినా చక్కగా 64 వచ్చేది, ఎందుకంటే ఆ సమీకరణాన్ని సాధించే వాటిని రాబట్టాను. పరమాణువులను లెక్కపెట్టినప్పుడే గుట్టు బయటపడింది: లీటరుకు మొదట 2 మోల్‌ల హైడ్రోజన్ పరమాణువులు ఉండగా, నా లెక్కలో చివరికి 2 × 0.111 + 0.889, అంటే 1.11 మాత్రమే మిగిలాయి. సరైన జవాబులో 0.4 + 1.6 కలిపి 2 సరిపోయింది.