చుట్టూ వరిమళ్లు, దగ్గర్లో పందుల షెడ్డు: పాపకు మెదడువాపు టీకా వేయించాలా?

తొలకరి: మా పాపకు మూడేళ్ల రెండు నెలలు. ఇంతకుముందు ఉన్నచోట జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపుకు వేసే జేఈ టీకా ఇవ్వరు, అందుకని కార్డులో ఆ గడి ఖాళీగానే ఉంది. ఇప్పుడున్న ఇంటికి రెండువైపులా వరిమళ్లు, రెండు వందల గజాల్లో పందుల షెడ్డు. నాట్లు పడ్డాయి, సాయంత్రమైతే దోమలు కమ్ముకుంటున్నాయి. వేయించమని ఒకరు, అక్కర్లేదని ఒకరు. ఏం చేయను?

చెరువుకట్ట: పంది మాంసం తినకపోతే ఏ భయమూ లేదమ్మా. మెదడులోకి పురుగు పోయేది దానివల్లే.

పల్లెనర్సు: చెరువుకట్ట గారూ, మీరు చెప్పేది బద్దెపురుగు సంగతి, అది వేరే జబ్బు. అదీ మాంసం తింటే కాదు, దాని గుడ్లు నోట్లోకి పోతే మెదడుకు చేరుతుంది. ఇది దోమ కాటుతో వచ్చే వైరస్. తిండితో సంబంధం లేదు.

తొలకరి గారూ, పందొమ్మిదేళ్లుగా టీకాలు వేస్తున్నాను. మీరు చెప్పిన ఇల్లు ఈ వైరస్‌కు సరిగ్గా సరిపోయే చోటు. మడిలో నిలిచిన నీళ్లలో క్యూలెక్స్ దోమ గుడ్లు పెడుతుంది. వైరస్ కొంగల్లో ఉంటుంది. కొంగను కుట్టిన దోమ పందిని కుడితే, పంది రక్తంలో వైరస్ రెండు మూడు రోజుల్లోనే విపరీతంగా పెరుగుతుంది. ఆ రోజుల్లో దాన్ని కుట్టిన దోమల్లో చాలా వైరస్‌ను మోస్తాయి. ఆ దోమలు పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా కుడతాయి. వేయించండి.

గట్టుమీద: అక్కా, భయపెట్టేముందు లెక్క కూడా చెప్పాలి. ఈ వైరస్ సోకినవాళ్లలో నూటికి ఒక్కరికి కూడా జబ్బు రాదు. మిగతావాళ్లకు సోకినట్టే తెలియదు. ఇది నేను కల్పించింది కాదు, మీ శాఖవాళ్లే ఒప్పుకునే మాట. నూటికి తొంభై తొమ్మిది మందికి ఏమీ కాని దానికి సూది ఎందుకు? పైగా జపాన్ వాళ్లు వాళ్ల పేరున్న జబ్బుకే 2005లో టీకా ఆపేశారు. ఎలుకల మెదడులో పెంచిన మందు అది.

పల్లెనర్సు: తమ్ముడూ, మొదటి లెక్క నిజమే. కానీ సగంలో ఆపావు. జబ్బు బయటపడిన పిల్లల్లో నలుగురైదుగురికి ఒకరు చనిపోతారు. బతికినవాళ్లలో మూడోవంతుకు, ఒక్కోచోట సగానికి, జీవితాంతం లోపం మిగులుతుంది. ఈ వైరస్‌ను చంపే మందు లేదు. ఆసుపత్రిలో చేసేదల్లా ఫిట్స్ ఆపడం, మెదడు వాపు తగ్గించడం, ఊపిరి నిలబెట్టడం. అరుదని వదిలేయడానికి అది వచ్చి పోయే జ్వరం కాదు.

జపాన్ మాట కూడా సగమే. ఎలుక మెదడులో చేసిన పాత టీకా తర్వాత ఒక అమ్మాయికి తీవ్రమైన నరాల జబ్బు రావడంతో, 2005లో సిఫారసు ఆపారు. తర్వాత కణాల్లో పెంచిన కొత్త టీకా తెచ్చి 2010లో మళ్లీ సిఫారసు మొదలుపెట్టారు. ఇప్పుడు మేం వేసేది ఆ ఎలుక మెదడు మందు కాదు.

గట్టుమీద: ఆపారా లేదా? అది చెప్పండి చాలు.

పల్లెనర్సు: ఆపారు. మళ్లీ మొదలుపెట్టారు. రెండూ చెప్పు.

ఒంటిస్తంభం: మా తమ్ముడికి ఆరేళ్లప్పుడు వచ్చింది. ఉదయం జ్వరం, తలనొప్పి అన్నాడు. మర్నాడు రాత్రికి ఎవరినీ గుర్తుపట్టలేదు. ఇప్పుడు వాడికి ఇరవై ఆరేళ్లు, అమ్మే అన్నం కలిపి నోట్లో పెడుతుంది. నూటికి ఒక్కరు కూడా కాదు అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు.

గట్టుమీద: మీ బాధ నాకు అర్థమవుతుంది. మా ఇంట్లోనూ ఉంది. మా అన్న కొడుక్కి ఈ టీకా వేయించారు, వాడు ఏడుస్తుంటే నేనే ఒళ్లో పట్టుకున్నా. రెండేళ్ల తర్వాత మెదడువాపే వచ్చింది. పదకొండు రోజులు ఐసీయూ. ఎడమ చెయ్యి ఇప్పటికీ సరిగా లేవదు. మరి ఆ సూది ఏం చేసినట్టు?

పల్లెనర్సు: ఎన్ని డోసులు పడ్డాయి? వెన్నులోంచి నీరు తీసి జేఈ పరీక్ష చేశారా?

గట్టుమీద: ఒకటే. పరీక్ష సంగతి తెలియదు. మెదడువాపు అన్నారు.

పల్లెనర్సు: మెదడువాపు అన్నవన్నీ జేఈ కావు. వేరే వైరస్‌ల వల్ల, క్షయ వల్ల, పొదల్లో ఉండే చిన్న నల్లి కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ వల్ల కూడా మెదడు వాస్తుంది. 2005లో గోరఖ్‌పూర్ వైపు వెయ్యిమందికి పైగా చనిపోయాకే మన దేశంలో ఈ టీకా పెద్దఎత్తున మొదలైంది. ఆ తర్వాత కూడా అక్కడ పిల్లలు మెదడువాపుతో వస్తూనే ఉంటే పరీక్షలు చేశారు, వాళ్లలో చాలామందికి ఉన్నది స్క్రబ్ టైఫస్ అని తేలింది. దానికి మందుంది, ఈ టీకా మాత్రం దాన్ని ఆపదు. వెన్నునీటి రిపోర్టు లేకుండా టీకా ఓడిపోయిందని నువ్వు అనలేవు, ఓడిపోలేదని నేనూ అనలేను. ఒక్క డోసు చాలదని 2013 నుంచి రెండు చేశారు, అదీ నిజం.

షెడ్డుకాపరి: నా మాట కూడా వినండి. నేను పందులు పెంచుతాను. నిరుడు ఎక్కడో ఒక పిల్లకు జ్వరం వచ్చిందని మా షెడ్డు మీదికి వచ్చారు, రెండుసార్లు నీళ్ల పైపు కోశారు. ఆ పిల్లకు ఏం జబ్బో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నా పందులు ఒక్కటీ జబ్బు పడలేదు. ఆరోగ్యంగా ఉన్న జంతువు రోగం ఎలా ఇస్తుంది?

పల్లెనర్సు: అన్నా, పైపు కోయడం తప్పు. కానీ జబ్బు కనిపించకపోవడం రుజువు కాదు. ఈ వైరస్ సోకిన పందులు మామూలుగా తిని తిరుగుతాయి. చూలు పందులు చచ్చిన పిల్లల్ని ఈనితేనో, ఈసుకుపోతేనో తప్ప బయటకు తెలియదు. ఒకసారి సోకిన పందికి మళ్లీ సోకదు. తల్లిపాల రక్షణ తగ్గిన కొత్త పిల్లలే ఏటేటా దీనికి మేత. మీ షెడ్డులో ఏడాదికి ఎన్ని ఈతలు?

షెడ్డుకాపరి: ఒక్కో తల్లికి రెండు. కిందటేడు రెండు తల్లులు ఈసుకుపోయాయి. అది వేడివల్ల అనుకున్నా.

గట్టుమీద: చూశారా! అయితే షెడ్డు తీయించండి. పసిపిల్లకు సూది పొడవడం దేనికి? ఇక్కడే నా కోపం. టీకా వేయించుకుంటే "మీరు జాగ్రత్తగానే ఉన్నారుగా" అని షెడ్డును అక్కడే ఉంచుతారు. మడుల్లో నీళ్లు నిలిచే ఉంటాయి. బరువంతా తల్లి మీద, పిల్ల మీద. మా అన్న కొడుకు విషయంలో జరిగింది అదే. టీకా వేశాం అని చేతులు దులుపుకున్నారు, దోమమందు కొట్టడానికి ఒక్కరూ రాలేదు.

ఒంటిస్తంభం: ఇదేదో మొదటే చెబితే సరిపోయేది. నీ తగాదా టీకాతో కాదు.

షెడ్డుకాపరి: నన్ను తీసేయమని ఎంత తేలిగ్గా అంటున్నావు. అది నా ఇల్లు గడిచే దారి.

పల్లెనర్సు: షెడ్డు ఇళ్లకు దూరంగా ఉండాలనే నేనూ అంటాను. కానీ అది ఈ పాపకు కాపలా కాదు. ఈ దోమ మడి దాటి కిలోమీటరు పైనే ఎగురుతుంది. కొంగల్ని ఎవరూ తీయించలేరు. పందులు బాగా తక్కువున్న బంగ్లాదేశ్‌లోనూ ఈ జబ్బు ఉంది.

ఇంకో మాట, ఇది చాలామందికి తట్టదు. తట్టు టీకా ఊళ్లో అందరికీ వేస్తే, వేయని పిల్లకు కూడా కొంత రక్షణ దొరుకుతుంది, ఎందుకంటే తట్టు మనిషి నుంచి మనిషికి పాకుతుంది. జేఈ అలా పాకదు. మనిషి రక్తంలో వైరస్ చాలా తక్కువ, దోమ మన నుంచి దాన్ని తీసుకోలేదు. ఊళ్లో పిల్లలందరికీ టీకా పడినా మడిలో వైరస్ ఒక్క చుక్క తగ్గదు. పక్కింటి పిల్లకు వేసిన సూది మన పిల్లను కాపాడదు. తొలకరి గారి పాపకు రక్షణ ఆ పాప ఒంట్లోనే ఉండాలి.

చెరువుకట్ట: వేపపొగ, దోమతెర చాలవా మరి?

పల్లెనర్సు: తెర కట్టండి, మంచిదే. కానీ మూడేళ్ల పిల్ల ఆరింటికి తెరలోకి పోదు కదా. వాకిట్లో ఆడుకునే ఆ రెండు మూడు గంటలే కష్టం. పొడుగుచేతుల చొక్కా, కాళ్లు కప్పే పైజామా వేయండి.

తొలకరి: అందరికీ దండాలు. నిర్ణయించుకున్నాను. రేపు సెంటర్‌లో టీకాల రోజు, తీసుకెళ్తున్నా. ఒకటి అడగాలి. పాపకు ఒళ్లు ఉబ్బి మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు రెండోసారి తిరగబెట్టింది. నెలకు పైగా రోజూ స్టెరాయిడ్ సిరప్ పోశాం, పోయిన వారం నుంచి రోజు విడిచి రోజు. టీకా రోజు సిరప్ మానేయాలా?

పల్లెనర్సు: ఆగండి. రేపు వేయించవద్దు. సిరప్ కూడా మీ అంతట మీరు మానవద్దు, ఉన్నట్టుండి మానితే ప్రమాదం.

ఇది నేను మొదటే అడగాల్సింది. జేఈ టీకాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి బలహీనం చేసిన బతికున్న వైరస్‌తో చేసింది, రెండోది చంపిన వైరస్‌తో. పెద్ద మోతాదు స్టెరాయిడ్ రెండు వారాలు దాటి వాడుతుంటే బతికున్న టీకా వేయకూడదు. మందు ఆపాక కనీసం నెల ఆగాలి. చంపిన వైరస్ టీకాకు ఆ అడ్డు లేదు, అది 28 రోజుల తేడాతో రెండు డోసులు. మందు జోరు మీదున్నప్పుడు రక్షణ కొంచెం తక్కువ రావచ్చు, అంతే.

పాప బరువు, సిరప్ మోతాదు, ఎన్నాళ్లు పోశారో రాసుకుని కిడ్నీ డాక్టర్‌కు చూపించండి. ఏ రకం, ఎప్పుడు అన్నది ఆయనతో చీటీ మీద రాయించండి. సెంటర్‌లో ఆ చీటీ చూపించి, సీసా మీద పేరు చదివించుకున్నాకే చెయ్యి చాపండి.

గట్టుమీద: ఇది అడగకుండానే "వేయించండి" అన్నారు.

పల్లెనర్సు: అన్నాను. పొరపాటే.

తొలకరి: డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాం. చంపిన వైరస్ టీకానే అన్నారు, మొదటి డోసు వచ్చే వారం. రెండోది పడి రెండు వారాలు గడిచేదాకా ధీమా పడొద్దన్నారు. ఈలోగా జ్వరంతో ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉండి పిలిచినా పలకకపోయినా నిమిషం ఆగకుండా తీసుకురమ్మన్నారు. మా అత్తగారికి మాత్రం ఇంకా ఇష్టం లేదు, షెడ్డు పోతే చాలంటారు.

షెడ్డుకాపరి: అమ్మా, ఈతలు రాసే పుస్తకం వెతికాను. ఆ రెండు తల్లులూ ఈసుకుపోయింది నాట్లయిన రెండు నెలలకు. పశువుల డాక్టర్‌ను పిలుస్తున్నా. షెడ్డు మాత్రం తీయను.

గట్టుమీద: అన్నయ్య ఇంట్లో డిశ్చార్జి కాగితాలు చూశాను. నాలుగు పేజీలు. వెన్నునీరు తీసినట్టు ఎక్కడా లేదు.