మొదటిసారి విదేశం: క్రూజా, బస్సు టూరా? రిటైరైన దంపతులకు అసలు ఖర్చు ఎంత?

రాజోలు మాస్టారు
అందరికీ నమస్కారం. మార్చిలో రిటైరయ్యాను. నాకు 61, మా ఆవిడకు 57. పాస్‌పోర్టులు కూడా మొన్ననే చేతికొచ్చాయి. అమలాపురంలో ఏజెంటు రెండు కాగితాలు ఇచ్చారు. మొదటిది సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్. పెనాంగ్, ఫుకెట్ దగ్గర ఆగుతుంది, బాల్కనీ గది, ఇద్దరికీ 1,20,000. రెండోది సింగపూర్, మలేషియా ఏడు రోజుల బస్సు టూరు, ఇద్దరికీ 2,40,000. ధరలో సరిగ్గా సగానికి సగం తేడా ఉంది. క్రూజ్ అంత చవకా, లేక నాకు తెలియనిది ఏదైనా ఉందా? మా ఆవిడకు ఎడమ మోకాలు నొప్పి, మెట్లు నెమ్మదిగా ఎక్కుతుంది. నాకు బీపీ. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు
మాస్టారూ, దీనికి అంత డబ్బెందుకండీ. గండిపోచమ్మ దగ్గర లాంచీ ఎక్కితే పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం పెట్టి పాపికొండలు తిప్పి సాయంత్రానికి దింపేస్తారు. మేం కార్తీకంలో వెళ్లాం, చాలా బాగుంది. లైఫ్ జాకెట్ మాత్రం విప్పకండి.

రాజోలు మాస్టారు
పాపికొండలు మూడుసార్లు చూశామండీ. నేను అడుగుతున్నది సముద్రం మీద వెళ్లే పెద్ద ఓడ గురించి.

భీమవరం సుబ్బు
కళ్లు మూసుకుని క్రూజ్ తీసుకోండి మాస్టారూ. గది, మూడు పూటలా భోజనం, సాయంత్రం షోలు అన్నీ టికెట్లోనే వస్తాయి. ఓడ ఎక్కాక జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు. మా బావగారు వెళ్లొచ్చి చెప్పారు.

తణుకు బ్యాంకు
సుబ్బు గారు చెప్పింది సగం నిజం. జేబులో చెయ్యి పెట్టనివ్వరు, ఎందుకంటే ఓడ మీద అన్నీ గది ఖాతాకే రాస్తారు. ఆఖరి రాత్రి తలుపు కింద నుంచి కాగితం జారుస్తారు, అప్పుడు తెలుస్తుంది. నేనూ మా ఆవిడా రెండుసార్లు వెళ్లాం. రెండోసారి కాగితం దాచాను, దాంట్లో ఉన్నది చెబుతాను.

మొదటి వరుస టిప్పులు. ఇవి ఇష్టమైతే ఇచ్చేవి కావు, మనిషికి రోజుకింత అని ఖాతాలో వాళ్లే వేసేస్తారు. మా ఓడలో 18 డాలర్లు. ఇద్దరికి నాలుగు రాత్రులకు 144. తర్వాత కాఫీలు, కూల్‌డ్రింకులు 38. బఫేలో ఇచ్చే కాఫీ, టీ, నీళ్లు ఉచితమే. కాఫీ షాపులో తాగినది, డబ్బాలో వచ్చే డ్రింకు లెక్కలోకి వస్తాయి, పైగా వాటి మీద సర్వీస్ ఛార్జీ. పెనాంగ్‌లో ఓడవాళ్ల టూరు తీసుకున్నాం, మనిషికి 60 చొప్పున 120. మొత్తం 302 డాలర్లు. డాలరు 88 లెక్కన, మన కార్డు మార్కప్, దాని మీద జీఎస్టీ కలిపితే 27,600 పైచిలుకు. వైఫై తీసుకోలేదు, స్పెషల్ రెస్టారెంటులో తినలేదు.

అయితే అసలు తడిసి మోపెడయ్యేది ఓడ దిగాక, ఎక్కకముందు. మీకిచ్చిన 1,20,000లో విమానం ఉందో లేదో చూడండి, ఉండి ఉండదు. మాకు విశాఖ నుంచి రానుపోను, లగేజీకి విడిగా కట్టినదీ కలిపి 48,000. ఓడ బయల్దేరే రోజునే విమానం దిగడం వద్దు. మన విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు. అందుకని ముందు రాత్రి సింగపూర్‌లో హోటల్, దిగాక ఊరు చూడటానికి ఇంకో రాత్రి, రెండూ కలిపి 24,000. వీసా, ఇన్సూరెన్స్ 14,000. ఇవి 86,000. మీ 1,20,000కి ఇవీ, ఓడ ఖాతా కలిపి చూడండి, 2,33,600. బస్సు టూరు కాగితంలో విమానం, హోటళ్లు, వీసా ఉన్నాయి కదా? అంటే ఇప్పుడు తేడా ఆరేడు వేలే. ధర చూసి నిర్ణయం చేసే విషయం కాదిది.

కాగితంలో ఇంకో మాట వెతకండి. పోర్టు పన్నులు కలిపారా, విడిగానా? విడిగా అంటే మళ్లీ అడగండి.

రాజోలు మాస్టారు
చాలా ధన్యవాదాలండీ. ఏజెంటుకి ఫోన్ చేశాను. విమానం లేదట, పోర్టు పన్నులు కలిపే ఉన్నాయట. బస్సు టూరులో మాత్రం ఇంకేమీ ఉండదా?

నరసాపురం లక్ష్మి
ఉంటాయండీ. మేం పోయినేడు బస్సు టూరే చేశాం. డ్రైవరుకు, గైడుకు రోజుకింత అని మొదటిరోజే వసూలు చేశారు. మధ్యాహ్నం భోజనాలు కొన్ని రోజులు మనవే. పేపర్లో ఉన్న ఒకటి రెండు చోట్ల బయట నుంచి ఫొటో తీసుకోవడమే, లోపలికి వెళ్లాలంటే టికెట్టు వేరే. అన్నీ కలిపి ఇద్దరికీ 22,000 దాకా అయింది.

డబ్బు సంగతి అలా ఉంచండి, మోకాలి గురించి చెప్తాను. సింగపూర్ నుంచి కౌలాలంపూర్ బస్సులో వెళ్లాలి. సరిహద్దు దగ్గర దిగాలి, సామాను దించాలి, లైనులో నిలబడి మలేషియా వైపు మళ్లీ సామాను స్కానింగ్. సెలవుల రద్దీలో మాకు అక్కడే రెండున్నర గంటలు పట్టింది. మా వారి సూట్‌కేస్ నేనే లాగాను. తర్వాత బటు గుహల్లో మెట్లు 272. నేను ఎక్కాను, మా వారు కింద కూర్చున్నారు. ఏడు రోజుల్లో మూడు హోటళ్లు మారాం. కానీ ఊరు ఊరులా చూశాం. రాత్రి వీధుల్లో తిరిగాం. ఓడ మీద వెళ్తే ఆ తృప్తి ఉండదు, అది ఒప్పుకోవాలి.

తణుకు బ్యాంకు
లక్ష్మి గారు చెప్పింది నిజం. ఓడ మీద నాలుగు రాత్రులూ ఒకటే గది, సూట్‌కేస్ ఒక్కసారి విప్పితే చాలు. అయితే మోకాలికి ఓడలోనూ ఒక చోట పరీక్ష ఉంది మాస్టారూ. మీది ఫుకెట్ కదా, అది జాగ్రత్తగా చూడండి.

పెనాంగ్‌లో ఓడ జార్జిటౌన్ రేవులోకి వచ్చి ఆనుతుంది. ర్యాంపు దిగి నడిస్తే కార్న్‌వాలిస్ కోట, లిటిల్ ఇండియా దగ్గరే. మెల్లిగా వెళ్లి టిఫిను తిని రావచ్చు. ఫుకెట్‌లో మా ఓడ పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేసింది. చిన్న పడవలో తీరానికి తీసుకెళ్తారు, టెండర్ అంటారు. మన సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినట్టు కాదు. పంటుకు ర్యాంపు ఉంటుంది. ఇక్కడ ఓడ పక్క నుంచి పడవలోకి అడుగు వెయ్యాలి, పడవ అల మీద పైకి కిందికి ఊగుతుంటుంది. ఇద్దరు సిబ్బంది మోచేతుల దగ్గర పట్టుకుని ‘ఆగండి, ఆగండి, ఇప్పుడు’ అంటారు. ఆ ఇప్పుడు అన్నప్పుడే అడుగు వెయ్యాలి. మా ఆవిడ ముందుగా వేసింది, పట్టు వాళ్లది కాబట్టి ఏమీ కాలేదు. అలలు ఎక్కువుంటే మోకాలు నొప్పివాళ్లు ఓడలోనే ఉండిపోవడం మంచిది. గాలి బాగోకపోతే ఓడవాళ్లే ఆ ఊరు రద్దు చేస్తారు కూడా.

తీరంలో తిరగడం ఓడవాళ్ల టూరుతోనా, మన సొంతమా? ఓడవాళ్ల టూరు ఖరీదు. కానీ ఆ బస్సు ఆలస్యమైతే బాధ్యత ఓడది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. నేనైతే పెనాంగ్‌లో సొంతంగా, ఫుకెట్‌లో దూరం వెళ్లేదుంటే ఓడతో అంటాను. మొదటిసారి నేను రెండు చోట్లా సొంతంగానే తిరిగాను, అందుకే రెండోసారి పెనాంగ్‌లో వాళ్ల టూరు కొని చూశాను. అక్కడ అది అక్కర్లేదు.

పాలకొల్లు కొబ్బరితోట
బ్యాంకు గారూ, అసలు ప్రమాదం గడియారంతో. మాకు జరిగింది చెప్తాను. ఫుకెట్ టైము సింగపూర్ కంటే ఒక గంట వెనక. ఓడ మాత్రం సింగపూర్ టైములోనే నడిచింది. సాయంత్రం 4:30కి అందరూ ఎక్కాలని రాశారు. తీరానికి రాగానే ఫోన్ తనంతట తానే థాయ్ టైముకు మారిపోయింది. మేం చలోంగ్ గుడి చూసి టుక్‌టుక్‌లో తిరిగొస్తుంటే ఫోన్‌లో 3:10. ఇంకా గంటంపావు ఉందనుకున్నాం. ఓడలో అప్పుడు 4:10. ఇంకో ఇరవై నిమిషాలే. పటాంగ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అంతే. పరిగెత్తి ఆఖరి పడవ ఎక్కాం. గుండె దడ ఆ రాత్రి భోజనం దాకా తగ్గలేదు.

తణుకు బ్యాంకు
ఇది అందరూ చదవాల్సిన పోస్టు. దీనికి మేం చేసిన పని: చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ గడియారం చూసి సరిచేసుకున్నాం, ఆ రోజంతా ఫోన్ టైము నమ్మలేదు. వెనక్కి లెక్క కూడా అక్కడి నుంచే. అందరూ ఎక్కాల్సింది 4:30 అయితే ఆఖరి టెండర్ అంతకన్నా ముందే వెళ్తుంది, ఆ టైము ఓడవాళ్లు ఇచ్చే రోజువారీ షీటులో విడిగా ఉంటుంది. అక్కడ లైను కూడా ఉంటుంది. కాబట్టి ఓడ టైము 3:00కల్లా తీరానికి చేరాలి. గుడికి వెళ్లిరావడానికి ఒక్కోవైపు గంట పెట్టుకుంటే, ఓడ టైము 2:00కల్లా గుడి దగ్గర బయల్దేరాలి. ఆ షీటులో, ఆ రేవులో ఓడ తరఫున ఉండే పోర్టు ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది, ఫొటో తీసి, ఒక చీటీ మీద కూడా రాసుకోండి. ఫోన్ ఛార్జి అయిపోతే ఆ చీటీయే దిక్కు.

భీమవరం సుబ్బు
మా బావగారి ఓడలో గడియారమే ఒక గంట వెనక్కి మార్చారట కదా? రాత్రి ప్రకటన చేశారని చెప్పారు.

పాలకొల్లు కొబ్బరితోట
మాకు మార్చలేదు. ఓడని బట్టి ఉంటుందేమో.

తణుకు బ్యాంకు
ఓడని బట్టే. ముందురోజు రాత్రి షీటు చూడటం తప్ప దారిలేదు.

తాడేపల్లిగూడెం అమ్మాయి
మాస్టారూ, మీకు బీపీ కాబట్టి ఒక్కమాట. మా నాన్నగారికి ఓడ మీద వాంతులయ్యాయి. డాక్టరు చూసి ఇంజెక్షన్ చేశారు, బాగా చూసుకున్నారు. కానీ ఉచితం కాదు, గది ఖాతాలోకి డాలర్లలో వచ్చింది. ఇంట్లో హెల్త్ పాలసీ ఉందిగా అనుకున్నాం, అది విదేశంలో పనికిరాలేదు. ట్రావెల్ పాలసీ ఉంది, కానీ బీపీ మాత్రలు వేసుకుంటున్న సంగతి ఫారంలో రాయలేదు, అందుకని క్లెయిము గొడవ ఇంకా నడుస్తోంది. మీరు రాసెయ్యండి. ప్రీమియం కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి. మాత్రలు చేతి సంచిలో పెట్టుకోండి. పెద్ద సూట్‌కేసు సిబ్బందికి ఇచ్చేస్తాం కదా, అది గదికి చేరడానికి మాకు సాయంత్రమైంది.

రాజోలు మాస్టారు
మీ అందరి మాటలూ మా ఆవిడకు చదివి వినిపించాను. బస్సు సరిహద్దు సంగతి విన్నాక క్రూజే అంది. టెండర్ సంగతి విన్నాక మళ్లీ ఆలోచనలో పడింది. ఫుకెట్‌లో దిగకుండా ఓడలోనే ఉంటే నష్టమేమీ లేదు కదా? ఇంకోటి, వీసా ఒక్క సింగపూర్‌కేనా?

తణుకు బ్యాంకు
దిగకపోతే ఏమీ కాదు, సగం ఓడ ఖాళీ అవుతుంది, పై డెక్కు మీద ప్రశాంతంగా కూర్చోవచ్చు. టూరు మాత్రం ముందే కొనేయకండి, రద్దు గడువు ఎప్పటిదాకా ఉందో చూసి కొనండి.

సింగపూర్ వీసా కచ్చితంగా కావాలి. ఓడ మలేషియా, థాయ్‌లాండ్ తిరిగి మళ్లీ సింగపూర్‌లో దిగుతుంది కాబట్టి రెండోసారి లోపలికి రావడానికి పనికొచ్చే వీసాయే అడగండి. మలేషియా 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లను వీసా లేకుండా రానిస్తోంది, ఆ వెసులుబాటు గడువు పొడిగిస్తూ వస్తోంది, డబ్బు కట్టేముందు ఒకసారి చూడండి. ఆన్‌లైన్‌లో నింపాల్సిన అరైవల్ కార్డులు ఉంటాయి, సింగపూర్‌ది చేరడానికి మూడు రోజుల ముందు నుంచే తెరుచుకుంటుంది. ఫారం నింపడానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, అసలు సైటులో ఉచితం.

రాజోలు మాస్టారు
సరేనండీ. రేపు ఏజెంటు దగ్గర కూర్చుని, మధ్యలో ఉండే, లిఫ్టుకు దగ్గరగా ఉన్న గదులు ఖాళీ ఉన్నాయేమో అడుగుతాను. ఓడ మధ్యలో ఊపు తక్కువని ఎక్కడో చదివాను.

తాడేపల్లిగూడెం అమ్మాయి
నిజమేనండీ. మధ్యలో, కింది అంతస్తుల్లో. మా నాన్నగారిది ముందు వైపు గది.