కోరుకోవడమే చేతకానివాడిని స్వేచ్ఛాపరుడని ఎలా అనగలం?

ప్రతి సంఘటనా ముందున్న కారణాల వల్లే జరిగి తీరుతుందనే నియతివాదం నిజమైనా స్వేచ్ఛకు భంగం లేదనే కంపాటిబిలిజం వాదాన్ని రెండు నెలలుగా చదువుతున్నాను. ఒకే చోట ఆగిపోయాను. 1748లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ చెప్పిన ప్రకారం స్వేచ్ఛ అంటే కారణాలు లేకపోవడం కాదు, మన సంకల్పాన్ని బట్టి చేయగలగడం లేదా మానగలగడం. సంకెళ్లలో ఉన్న ఖైదీకి తప్ప అది అందరికీ ఉంటుంది. అంటే "అతను వేరేగా చేయగలిగేవాడు" అన్న మాటకు "కోరుకుని ఉంటే వేరేగా చేసేవాడు" అని అర్థం.

ఈ నిర్వచనాన్ని ఒక ఉదాహరణతో పరీక్షించాను. నీళ్లంటే విపరీతమైన భయం ఉన్న మనిషి మోకాలిలోతు చెరువు గట్టున నిలబడ్డాడు. కాళ్లకు బంధాలు లేవు, దిగాలనుకుంటే దిగేవాడే, కానీ ఆ కోరికే అతనిలో పుట్టదు. నిర్వచనం అతన్ని స్వేచ్ఛాపరుడంటుంది. నాకు అది తప్పనిపిస్తోంది.

దీన్ని సరిచేయడానికి తత్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1971 వ్యాసాన్ని ఆశ్రయించాను. ఏ కోరిక తనను నడిపించాలని మనిషి కోరుకుంటాడో, ఆ కోరికే నడిపించినప్పుడు అతని సంకల్పం స్వేచ్ఛగా ఉన్నట్టని ఆయన అంటారు. భయాన్ని వదిలించుకోవాలని తపించేవాడి విషయంలో ఇది చక్కగా కుదిరింది. అయితే ఎవరో అతనికి తెలియకుండా ఏ కోరిక తనను నడిపించాలన్న ఆ పై కోరికను కూడా మార్చి, భయాన్ని మనస్ఫూర్తిగా ఆమోదించేలా చేస్తే, ఈ కొలత ప్రకారం అతను మళ్లీ స్వేచ్ఛాపరుడవుతాడు. ఇంకో మెట్టు పైకి ఎక్కినా అదే చిక్కు ఎదురైంది.

అలా నాటిన పై కోరికకూ, పెంపకం వల్ల సహజంగా ఏర్పడిన పై కోరికకూ మధ్య, రెండూ పూర్తిగా కారణబద్ధమే అయినప్పుడు, కంపాటిబిలిస్టు ఏ ఆధారంతో తేడా చూపగలడు?