ఘాట్‌లో 30 మీటర్ల వంపు: సైట్ డిస్టెన్స్ 25 చాలా, 50 కావాలా?

మధురవాడ సివిల్: పాడేరు వైపు ఘాట్‌లో ఒక పల్లె రోడ్డుకి డిజైన్ రిపోర్ట్ రాస్తున్నాను. తారు వెడల్పు 3.75 మీటర్లు, ఫార్మేషన్ 6, డిజైన్ వేగం గంటకి 25 కిలోమీటర్లు. వంపు రేడియస్ 30 మీటర్లు, డిఫ్లెక్షన్ 70 డిగ్రీలు. లోపలి వైపు కొండ, బయటి వైపు లోయ. V²/225R లెక్కన వంపు లోపలికి ఇచ్చే వాలు, అంటే సూపర్ ఎలివేషన్, 9.3 శాతం వచ్చింది. మంచు పడని కొండల్లో 10 దాకా ఇవ్వొచ్చు కాబట్టి దానితో పేచీ లేదు. వైడెనింగ్ 0.6. డ్రెయిన్ కూడా కలుపుకుంటే సెంటర్ లైన్ నుంచి 4.2 మీటర్ల దగ్గర కొండ మొదలవుతుంది. డ్రైవరుకి ముందు 25 మీటర్లు కనబడే సైట్ డిస్టెన్స్‌కి సెంటర్ లైన్ నుంచి అడ్డు లేకుండా ఉంచాల్సిన సెట్‌బ్యాక్ 2.6 మీటర్లు చాలు కాబట్టి కొండ తవ్వక్కర్లేదని రాసేయొచ్చా?

గాజువాక కుర్రాడు: రాసేయ్ గురూ. S²/8R వేసినా అదే 2.6 వస్తుంది. వైడెనింగ్ మాత్రం లోపల సగం, బయట సగం పంచు.

పాత ఏఈ: ఆగండి బాబూ. అది సింగిల్ లేన్. ఎదురెదురుగా వచ్చే జీపూ బస్సూ ఒకే తారు మీద ఉంటాయి. ఒక్కో బండి ఆగడానికి 25 మీటర్లు కావాలంటే, ఒకదాన్నొకటి చూసుకునేసరికి మధ్యలో 50 ఉండాలి. అడ్డుగా పడిన బండరాయికైతే 25 సరే, ఎదురొచ్చే బస్సుకి చాలదు.

50కి లెక్క కట్టండి. మీ వంపు పొడవే 36.7 మీటర్లు, అంటే చూపు వంపు దాటి రెండు వైపులా తిన్నటి రోడ్డు మీదకి పోతుంది. వంపు భాగానికి 5.43, మిగిలిన 13.3లో సగాన్ని sin 35°తో గుణిస్తే 3.83. మొత్తం 9.25 మీటర్లు. ఇక్కడ S²/8R వేస్తే 10.4 వస్తుంది, మీటరు పైన రాయి ఊరికే కొట్టిస్తారు.

వైడెనింగ్ సంగతి: మైదానంలో సగం సగం సరే. కొండ రోడ్డులో మొత్తం లోపలికే ఇస్తాం. బయట 30 సెంటీమీటర్లు పెంచాలన్నా లోయ వైపు గోడ కట్టాలి.

అరకు జీపు: మా ఊరి వంపు ఇంతకంటే బిగుతు, అయినా అవతలి బండి ఎప్పుడూ కనబడుతుంది. ఇంత తవ్వకం ఎందుకండీ?

పాత ఏఈ: మీ వంపు వాగు దగ్గర లోపలికి తిరిగేది అయ్యుంటుంది. అక్కడ లోపలి వైపు లోయే కదా, చూపుకి అడ్డేముంది? వీరిది కొండ ముక్కు చుట్టూ తిరిగే వంపు. మీ దగ్గర బాధ వేరే ఉంటుంది. సూపర్ ఎలివేషన్ వల్ల వాన నీళ్లన్నీ లోయ అంచుకి చేరి షోల్డర్ కోసుకుపోతుంది.

అరకు జీపు: అవునండీ, వాగు పక్కనే. అంచు పోయిన మాటా నిజమే.

మధురవాడ సివిల్: 9.25 అంటే కొండలోకి ఇంకో 5 మీటర్లు. అది రిజర్వు ఫారెస్టు. అనుమతులు తలుచుకుంటేనే టెన్షన్.

పాత ఏఈ: అడుగు దాకా తవ్వనక్కర్లేదు. 50 మీటర్ల లెక్కలో ఇద్దరు డ్రైవర్ల కళ్లూ 1.2 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు కదా. రోడ్డు మట్టం నుంచి ఆ ఎత్తుకి కాస్త కిందుగా కొండని అరుగులా కోసి, కింది భాగం ఉంచేయండి. కానీ స్థలం ఆక్రమించేది అంతే, అనుమతి తప్పదు.

సింహాచలం జియో: ఒక అభ్యంతరం. మన కొండల్లో ఖోండలైట్ బాగా శిథిలమైన చోట ఎర్రమట్టిలా ఉంటుంది. 5 మీటర్లు కోస్తే పైన వాలు నిటారవుతుంది, వానాకాలంలో ఆ అరుగు మీదకే జారుతుంది. వేగం 20కి తగ్గించి 40 మీటర్ల చూపు తీసుకుంటే సెట్‌బ్యాక్ 6.4 చాలు. తవ్వకం రెండు మీటర్ల పైచిలుకే.

పాత ఏఈ: 20 బోర్డు చూసి దిగుడులో ఎవడు తగ్గిస్తాడండీ? పైగా దిగుడులో బ్రేక్ దూరం ఇంకా పెరుగుతుంది. సూపర్ ఎలివేషన్ కూడా 5.9కి దించాలి. అలా దించాక ఎవడైనా 30లో తిరిగితే భారం టైరు పట్టు మీదే పడుతుంది: ఆ వేగానికి V²/127R 0.236, అందులో సూపర్ ఎలివేషన్ మోసే 0.059 పోను 0.177. మనం ఒప్పుకునేది 0.15.

సింహాచలం జియో: అయితే సూపర్ ఎలివేషన్ 9.3 ఉంచి, చూపు మాత్రం 20 వేగానికి ఇవ్వండి.

పాత ఏఈ: ఒకే వంపుకి రెండు వేగాలంటే నేనైతే సంతకం పెట్టను. మీ వాలు భయం మాత్రం కొట్టిపారేయలేను.

మధురవాడ సివిల్: రెండూ ప్రత్యామ్నాయాలుగా, తవ్వకం పరిమాణంతో సహా చూపిస్తాను. ఇప్పుడున్న చూపు ఎంతో సైట్‌లో కొలవడమెలా?

పాత ఏఈ: ఇద్దరు 1.2 మీటర్ల కర్రలు పట్టుకుని చెరో వైపు నుంచి సెంటర్ లైన్ మీద నడవండి. ఒకరి కర్ర కొన ఇంకొకరికి కనబడిన చోట ఆగి, మధ్య దూరం వంపు వెంబడే టేపుతో కొలవండి. తిన్నగా కొలిస్తే తక్కువొస్తుంది.

మధురవాడ సివిల్: పొదలు కొట్టించాక కొలవాలా, ముందా?

పాత ఏఈ: రెండుసార్లూ. తేడా ఎక్కువొస్తే ఏటా పొదలు కొట్టే ఖర్చు కూడా నిర్వహణలో చూపించండి.