నిచ్చెన మెట్లు గాడిలో దింపాలా, మేకులు చాలా?

రాజాం_కుర్రోడు:
అటక ఎక్కడానికి 10 అడుగుల చెక్క నిచ్చెన చేస్తున్నా. పక్క కర్రలు 3 అంగుళాల వెడల్పు ఒకటిన్నర మందం, మెట్లకి అంగుళం మందం పట్టీలు, అడుక్కొకటి. మేకులు కొట్టేస్తే చాలదా? గాడి తీస్తే కర్ర బలం తగ్గిపోదా?

ఉలి_బాబాయ్:
వొట్టి మేకులైతే నీ బరువంతా మేకే మోస్తాది బాబూ, కొన్నాళ్ళకి కన్నం సాగి మెట్టు ఒక పక్కకి దిగిపోతాది. గాడిలో కూర్చుంటే కింద కర్రే మోస్తాది, మేకు మెట్టుని కదలకుండా పట్టుకుంటాది అంతే. బలం తగ్గుతాది నిజమే, అందుకే లోతు అరంగుళం దాటనివ్వకు, మందంలో మూడో వంతు. రెండు కర్రలూ పక్కపక్కన పెట్టి గీతలు ఒకేసారి గియ్యి. రంపం గీతకి లోపల నడవాల. మెట్టు చెక్క సుత్తితో కొడితేనే దిగాల, చేత్తో దిగిపోతే వదులే.

ఉద్దానం_అమ్మాయి:
మా కొబ్బరితోటలో వెదురు నిచ్చెనే, గాడీ లేదు మేకూ లేదు, తాడు కట్టేస్తారు. అది చేసుకోవచ్చు కదా?

రాజాం_కుర్రోడు:
అక్కా, కలప కొనేశాను 😅

సరుగుడు_తోట:
పచ్చి కలపతో చేసెయ్ తమ్ముడూ, ఉలి సులువుగా దిగుతుంది, ఎండాక గాడే మెట్టుని బిగించేస్తుంది.

ఉలి_బాబాయ్:
ఉలి సులువన్నది ఒప్పుకుంటా, బిగింపు మాత్రం రివర్సు. కర్ర ఎండితే అడ్డంగా తగ్గుతాది గానీ పొడవులో దాదాపు తగ్గదు. గాడి ఎత్తు కర్ర పొడవు మీదే ఉంది, అది అలాగే ఉండిపోతాది, పచ్చి మెట్టు మందం మాత్రం తగ్గి గలగలమంటాది. మెట్లు బాగా ఎండినవే వాడు. ఇంకోటి, కర్రలు విచ్చుకోకుండా కింద, మధ్య, పైన మెట్ల కింద ఇనప రాడ్ పెట్టి నట్లు బిగించు.

రాజాం_కుర్రోడు:
చేశాను. టెస్ట్ ఎలగ?

ఉలి_బాబాయ్:
చివర్ల దగ్గర ఇటికల మీద పడుకోబెట్టి, ఒక కర్ర పొడుగునా దారం లాగి కట్టు, మధ్యలో రెండు సిమెంటు బస్తాలు పెట్టి గంట వదిలెయ్. దిగడం తప్పు కాదు, బస్తాలు తీశాక మళ్ళీ దారానికి రాకపోతేనే తప్పు.

సరుగుడు_తోట:
పడుకోబెడితే ఏ నిచ్చెనైనా వొంగుతుంది, నిలబెట్టి చూడాలి కదా.

ఉలి_బాబాయ్:
నిలబెడితే బరువు చాలావరకు కర్ర పొడుగునా నేలకి పోతాది, వొంపు తక్కువ. పడుకోబెట్టడం కష్టమైన పరీక్ష, అందుకే ముందు అది.

రాజాం_కుర్రోడు:
ముప్పావు అంగుళం దిగింది, తీశాక దారానికి వచ్చేసింది. తర్వాత గోడకి వాల్చి, అడుగు భాగం గోడకి రెండున్నర అడుగుల దూరంలో పెట్టి, కింది మెట్టు మీద చివర దగ్గర నిలబడి ఊగాను. ఐదో మెట్టు ఒక్కటే కిర్రుమంది, గాడి దగ్గర వెంట్రుకంత సందు కనిపిస్తోంది.

ఉలి_బాబాయ్:
ఆ మెట్టు విప్పి కొత్తది కొట్టు, సందులో ఫెవికాల్ నింపి సరిపెట్టకు.

సరుగుడు_తోట:
ఫెవికాల్ పెట్టి సన్న చెక్క దూరిస్తే చాలదా? మా నిచ్చెన అలాగే నడుస్తోంది.

ఉద్దానం_అమ్మాయి:
పైన ఎనామెల్ పెయింట్ వేస్తావా మరి?

ఉలి_బాబాయ్:
పెయింట్ వద్దమ్మా, పగుళ్ళు కనపడవు. అవిసె నూనె రాయమను.