‘నిఘంటువు రాసి బిరుదు పొందారు’: ఈ ‘రాసి’లో తప్పేమిటి?

సుజాత: గిడుగు జయంతికి మా గ్రంథాలయంలో సభ పెడుతున్నాం. ఆయన పరిచయం మూడు చోట్లకు కావాలి. సంచికకు ఒక పేజీ, వేదిక మీద చదవడానికి అర నిమిషం, ఆహ్వాన పత్రికకు రెండు మూడు లైన్లు. ముందు సంచికకు పెద్దది రాసి, దాన్నే కుదించాను. చివరికి ఆహ్వానంలోకి ఇలా వచ్చింది:

“శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసి, సవర భాష నేర్చుకుని, నిఘంటువు రాసి, రావు సాహెబ్ బిరుదు పొందిన వాడుక భాషోద్యమ ఆద్యుడు గిడుగు వెంకట రామమూర్తి.”

మా కమిటీలో ఒకాయన ‘నిఘంటువు రాసి’ దగ్గర పెన్ను పెట్టి “ఇది అబద్ధం” అన్నారు. పెద్దదాంట్లో లేని మాట ఇందులో ఒక్కటీ లేదు. మరి అబద్ధం ఎక్కడిది?

వెంకట్రావు: ‘వ్రాసి’ అని ఉండాలమ్మా. ‘రాసి’ అంటే గోడకు సున్నం రాసినట్టు.

కిరణ్: గిడుగు పరిచయంలో ‘వ్రాసి’నా మాస్టారూ! ఆయన వింటే ఇంకో ఉద్యమం మొదలుపెడతారు. 😀

రఘు: ప్రశ్న అది కాదు లెండి. రావు సాహెబ్ బిరుదు 1913లో వచ్చింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది 1938లో. ‘రాసి, పొందారు’ అంటే రాయడం ముందు, పొందడం తర్వాత అనే కదా అర్థం. ‘చేసి’, ‘పోయి’ లాంటి రూపాలు వరస చెబుతాయి. తేదీల ప్రకారం పేర్చుకుంటే సరిపోతుంది.

సుజాత: అయ్యో. పెద్దదాంట్లో ప్రతిదానికీ సంవత్సరం ఉంది. చిన్నదాంట్లో చోటు లేదని సంవత్సరాలు తీసేశాను. అక్కడే వరస తారుమారైంది.

భాస్కరం: రఘు చెప్పింది సగం దాకా నిజం. నేను చాలాకాలం పత్రికలో డెస్కు మీద పనిచేశాను, ఈ తప్పు వారానికొకసారి దిద్దేవాణ్ణి. ఆ ‘ఇ’కారం వరసతో ఆగదు, కారణం కూడా మోస్తుంది. ‘కాలు జారి పడ్డాడు’ అంటే జారడం వల్లే పడ్డాడని. ‘వాన పడి పంట పాడైంది’లో కర్తలు వేరైనా మనకు తేడా తెలియకపోవడానికి ఆ కారణమే ఆధారం. ఇప్పుడు తేదీల ప్రకారమే పేర్చి చూడండి: ‘తెలుగు’ పత్రిక 1919, సవర మాన్యువల్ 1931, ఆ తర్వాత కైజర్-ఇ-హింద్ పతకం. “పత్రిక నడిపి, మాన్యువల్ రాసి, పతకం పొందారు” అంటే వరస తప్పలేదు. కానీ చదివినవాడికి పత్రిక నడిపినందుకు పతకం ఇచ్చారని అనిపిస్తుంది. మనం ఆ మాట అనలేదు, వాక్యం అనేసింది.

రఘు: ఆ కోణం తట్టలేదు. అయితే ‘ఇ’ వాడకూడదంటారా?

భాస్కరం: నిజంగా వరసా, కారణమూ ఉన్నచోట హాయిగా వాడండి. “సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, మాన్యువల్, నిఘంటువు రాశారు.” నేర్చుకోబట్టే రాశారు, అక్కడ ‘నేర్చుకుని’ పని చేస్తోంది. లేనిచోట విడి వాక్యాలే మేలు. ‘బిరుదు పొందిన, నిఘంటువు రాసిన గిడుగు’ అంటే ‘ఇన’ రూపంలో ఆ వరస బంధం ఉండదు గానీ, మూడోది తగిలిస్తే నోరు తిరగదు.

లలిత: ఇది నాకు జరిగింది! నేను వయొలిన్ వాయిస్తాను, డాలస్‌లో ఉంటాను. నా పెద్ద బయోలో ఇద్దరు గురువులున్నారు. మొదటివారి దగ్గర తొమ్మిదేళ్లు, రెండోవారి దగ్గర నాలుగేళ్లు. ఆకాశవాణి గ్రేడు వచ్చింది రెండోవారి దగ్గరున్నప్పుడు. ఒక సభ వాళ్లు కుదించి “ఫలానా వారి వద్ద నేర్చుకుని, గ్రేడు పొందారు” అని మొదటివారి పేరొక్కటే వేశారు. రెండో గురువుగారు ఫోన్ చేసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఇప్పటికీ గుర్తుంది.

భాస్కరం: చూశారా, అక్కడా మధ్యలో ముక్క పోయి, మిగిలిన రెండు కొసలూ ‘ఇ’తో అతుక్కున్నాయి. అందుకే నేను వాక్యాలు కలిపి కుదించను. అసలు ప్రతిలో ఒక్కో విషయానికి ఒక్కో పూర్తి వాక్యం రాసుకుంటాను, సంవత్సరంతో సహా. అది చూడ్డానికి బాగుండదు, పాఠకుడికి చూపించేది కాదు కాబట్టి పరవాలేదు. చిన్నది కావాలంటే అందులోంచి మొత్తం వాక్యాలే తీసేస్తాను. మిగిలినవాటిని అతికిస్తే ప్రతి అతుకునూ ఒకసారి అడుగుతాను: ఇది ముందా, దీనివల్లేనా?

కుదించేటప్పుడు జారిపోయే చిన్న మాటలు ఇంకా రెండున్నాయి, సుజాతగారి ప్రతిలోనే. ఒకటి ‘నేటి’. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. గిడుగు పుట్టిన 1863లో ఆ జిల్లా లేదు. పెద్దదాంట్లో మీరు ‘నేటి’ అని రాసే ఉంటారు.

సుజాత: రాశాను! లైను మారుతోందని తీసేశాను.

భాస్కరం: రెండోది ‘లో ఒకరు’. ‘ఆద్యుల్లో ఒకరు’ కాస్తా ‘ఆద్యుడు’ అయింది. గురజాడ, విద్యాశాఖలో యేట్స్, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ పక్కనుండగా ఆ మాట నిలవదు. తీసింది రెండు మాటలే, వాస్తవం మాత్రం మారిపోయింది.

కిరణ్: కానీ ఆహ్వాన పత్రికలో ‘ఒకరు’ అంటే చప్పగా ఉంటుంది సార్. పక్క ఊరి సంఘం వాళ్లు ‘పితామహుడు’ అని వేస్తారు.

భాస్కరం: వేయనివ్వండి. సంచికలో ‘ఒకరు’ అని, ఆహ్వానంలో ‘పితామహుడు’ అంటే రెండూ చదివినవాడు ఏది నమ్మాలి? స్వరం పెంచాలంటే మూడింటిలోనూ ఒకేలా పెంచండి.

సుజాత: సరే, మళ్లీ రాశాను.

ఆహ్వానానికి: “గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). వాడుక భాషోద్యమ సారథుల్లో ఒకరు. సవర భాషకు మాన్యువల్, నిఘంటువు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.”

వేదికకు: “గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న నేటి శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, 1931లో మాన్యువల్, 1938లో నిఘంటువు వెలువరించారు. బడి పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని పోరాడిన సారథుల్లో ఒకరు. 1919లో ‘తెలుగు’ పత్రిక స్థాపించారు. 1940లో కన్నుమూశారు.”

బిరుదులు రెంటిలోనూ తీసేశాను, సంచికలో మాత్రం సంవత్సరాలతో ఉంచాను.

రఘు: రెండోది గట్టిగా చదివి చూశాను, 25 సెకన్లు పట్టింది. ‘సారథుల్లో ఒకరు’ రెంటిలోనూ ఒకేలా ఉంది, బాగుంది. చిన్నదాంట్లో పర్లాకిమిడి పోయిందే అని ఒక్కటే బాధ.

లలిత: సంచికలో ‘గిడుగు వారు’, వేదిక మీద ‘గారు’, ఆహ్వానంలో ఉత్త పేరు ఉంటే తేడా కనపడదా?

భాస్కరం: ‘రాశారు’, ‘పుట్టారు’ అన్నిట్లో ఉన్నంతవరకు మర్యాదకు లోటుండదు. పేరు పక్కన ‘గారు’ అక్కర్లేదని నా అభిప్రాయం.

వెంకట్రావు: మా వైపు అలా వేస్తే పెద్దవాళ్లు ఆహ్వానం తిరగేసి కూడా చూడరు. ‘గారు’ ఉండాల్సిందే.

సుజాత: కమిటీలోనూ ఇదే గొడవ, ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. ప్రెస్సు వాడు సాయంత్రం ఆరింటికి ప్రూఫు అడిగాడు.